తల రంగు మిగులు, గ్లవ్స్, సీసాలు, రంగు నీళ్లు: ఈ ఏడాది పని మీద సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది జమాఖర్చులు, లిఫ్టు మరమ్మతులు, నీటి ట్యాంకుల శుభ్రత వివరాలు మీకు విడిగా అందాయి. ఈ నివేదిక ఒక్క విషయం మీదే. ఇంట్లో తలకు రంగు వేసుకున్నాక మిగిలిన ముద్ద, వాడిన గ్లవ్స్, ఖాళీ సీసాలు, కడిగిన నీళ్లు మన భవనంలో ఎటు పోతున్నాయో ఏడాది మొదట్లో మనలో ఎవరికీ సరిగ్గా తెలియదు. తెలుసుకోవడానికే నాలుగు నెలలు పట్టింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం.

ఒక సోమవారం ఉదయం తోటమాలి పిలిచి వాన నీటి గుంత చూపించాడు. వానలు పడి మూడు వారాలైనా గుంత అంచున పైపు మూతి దగ్గర తడి ఉంది. ఆ చుట్టూ నీళ్లు టీ డికాషన్ రంగులో ఉన్నాయి. తుప్పు అనుకున్నాం. గ్లాసులోకి తీసి ఒక రోజు ఉంచి చూశాం. తుప్పు అయితే అడుగున పొడిలా దిగాలి. ఇది దిగలేదు, నీళ్లు పైనుంచి కింద దాకా ఒకే రంగులో ఉండిపోయాయి. అంటే నీటిలో కరిగిన రంగు.

ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవడానికి ఒకరు గుంత దగ్గర నిలబడ్డారు, ఇంకొకరు ఫోన్‌లో మాట్లాడుతూ అంతస్తు తర్వాత అంతస్తు బాల్కనీల్లో ఒక్కో బకెట్ మంచినీళ్లు పోశారు. మూడో బకెట్‌కే గుంతలో ధార పడింది. బాల్కనీల నీళ్లు మురుగు పైపులోకి కాకుండా వాన నీటి పైపులోకి పోతున్నాయని అలా తేలింది. బాత్రూం నీళ్లు మాత్రం మన మురుగునీటి శుద్ధి ప్లాంటుకే వెళ్తున్నాయి. రంగు గిన్నెలు, బ్రష్‌లు బాల్కనీలో ఎందుకు కడుగుతున్నారని అడిగితే ఒక అక్క చెప్పిన మాట చాలా ఇళ్లకు వర్తిస్తుంది: "బాత్రూం టైల్స్‌కి మరక పడితే పోదు కదండీ, అందుకే బయట కడుగుతాం." ఇందులో తప్పుపట్టడానికేమీ లేదు. బయటి కాలువ గుంతకూ, అక్కడి నుంచి నేలలోకీ పోతుందని ఎవరూ ఆమెకు చెప్పలేదు.

ఆ నీళ్లలో ఏముంటుందో కాస్త చెప్పుకోవాలి. ఎక్కువ మంది వాడే పర్మనెంట్ రంగులో రెండు భాగాలుంటాయి. ట్యూబులోని క్రీములో పీపీడీ అని పిలిచే పారా-ఫినైలిన్‌డయమిన్ లాంటి చిన్న అణువులు, వాటితో జతకట్టే రిసార్సినాల్ లాంటివి, అమోనియా లేదా దానికి బదులుగా వేసే మరో క్షారం ఉంటాయి. సీసాలోని డెవలపర్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటుంది. రెండూ కలపగానే చిన్న అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి పెద్ద రంగు అణువులవుతాయి. తెల్లగా ఉన్న క్రీము గిన్నెలోనే నల్లబడటం అందుకే. తలకు వేసినదంతా జుట్టులోకి వెళ్లదు. కొంత పైనే ఉండి కడిగినప్పుడు పోతుంది, గిన్నెలో మిగిలింది ఎలాగూ పోతుంది.

పెరాక్సైడ్ గురించి పెద్దగా భయపడనక్కర్లేదు. నీటిలో బాగా పలచబడ్డాక అది నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. అసలు ఇబ్బంది పీపీడీతోనూ, తయారైన రంగుతోనూ. ఇంకా ముడిపడని పీపీడీ చేపలకు, నీటిలోని చిన్న జీవులకు చాలా విషం. రసాయనాల వర్గీకరణలోనూ దాన్ని నీటి జీవులకు అతి విషపూరితమైనదిగానే చూపిస్తారు. ఇక తయారైన రంగు సబ్బుకూ నీటికీ లొంగకుండా ఉండాలనే చేస్తారు కాబట్టి శుద్ధి ప్లాంటులోని బ్యాక్టీరియాకు కూడా అది తొందరగా అరగదు. కొంత బురదకు అంటుకుంటుంది, కొంత నీటితోనే బయటకొస్తుంది. చెరువులోనో గుంతలోనో చేరితే వెలుతురు లోపలికి దిగదు, నీటి మొక్కలు, నాచు ఆక్సిజన్ తయారుచేయడం తగ్గిపోతుంది. ఒక ఇంటి గిన్నెతో చెరువు చచ్చిపోదు. కానీ మన గుంత చిన్నది, నీరు నిలవ ఉండేది, పైగా ఎన్నో ఇళ్ల బాల్కనీ నీళ్లు ఒకే పైపులో దిగుతున్నాయి.

ఇంట్లోని పైపు మీద ప్రభావం వేరే రకం. క్రీములోని జిడ్డు, రాలిన వెంట్రుకలు కలిసి బెండు దగ్గర ముద్ద కడతాయి. ఈ ఏడాది ప్లంబర్ ఒక బ్లాకులో తీసిన ముద్ద జుట్టూ క్రీమూ కలిసి నల్లటి తాడులా ఉంది. గోరింటాకు పొడి వాడేవాళ్లకు ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆకు పొడి కరగదు, అడుగున మట్టిలా పేరుకుంటుంది. జాలీ మీద సన్నని వల వేసి కడిగి, వలలో ఆగినది చెత్తలో వేస్తే సరిపోతుంది.

ఏం చేస్తే ఎంత తేడా వస్తుందో చూడాలని కమిటీలో ఇద్దరం మా ఇంట్లోనే కొలిచి చూశాం. 60 గ్రాముల క్రీము, 60 గ్రాముల డెవలపర్ కలిపాం. వేసుకోవడం అయ్యేసరికి గిన్నెలో, బ్రష్‌కు కలిపి దాదాపు 30 గ్రాములు మిగిలింది, అంటే కలిపినదాంట్లో పావు వంతు. మామూలుగా అది కుళాయి కింద పోయేదే. ఈసారి ముందు గరిటెతో గీసి పాత న్యూస్ పేపర్ మీదకు తీశాం, తర్వాత టిష్యూలతో గిన్నె, బ్రష్ తుడిచాం. కాటా మీద పెడితే పేపరు, టిష్యూల బరువు 27 గ్రాములు పెరిగింది. ఆ తర్వాత గిన్నెను ఒక లీటరు నీళ్లతో కడిగి గాజు సీసాలో పోశాం. లేత టీ రంగు. మరోసారి అంతే మిగులును తుడవకుండా లీటరు నీళ్లతో కడిగితే సీసాకు అవతల ఉన్న వేలు కనిపించలేదు. ఈ రెండు సీసాలనే సర్వసభ్య సమావేశంలో బల్ల మీద పెట్టాం.

తల కడిగిన నీళ్లను మాత్రం పూర్తిగా ఆపలేం. గ్లవ్స్ తీయకముందే జుట్టు మీద పైపైన ఉన్న ముద్దను చేత్తో కిందికి దువ్వి పేపర్‌కు తుడిస్తే కొంత తగ్గుతుంది, ముఖ్యంగా జుట్టు పొడుగు ఉన్నవాళ్లకు. మిగతాది బాత్రూంలోనే కడగాలి, బాల్కనీలో కాదు.

మిగులే లేకుండా చూసుకుంటే ఇంకా మంచిది. మొదళ్లకు మాత్రమే వేసుకునేవాళ్లు మొత్తం ట్యూబు కలపనక్కర్లేదు. ప్యాకెట్ మీద ఒకటికి ఒకటి అని ఉంటే 25 గ్రాములు, 25 గ్రాములు కలపండి, నిష్పత్తి వేరేగా ఉంటే దాని ప్రకారం. కలపని క్రీము, కలపని డెవలపర్ దేని మూతతో దాన్ని విడివిడిగా బిగించి వాటి సొంత ప్యాకెట్లోనే ఉంచాలి. కలిపాక మాత్రం దాచకూడదు.

ఎందుకు దాచకూడదో ఈ ఏడాది చెత్త గదిలో తెలిసింది. ఎవరో మిగిలిన ముద్దను కలిపిన సీసాలోనే ఉంచి మూత గట్టిగా బిగించి పడేశారు. లోపల పెరాక్సైడ్ విడిపోతూ ఆక్సిజన్ వదులుతూనే ఉంటుంది. సీసా ఉబ్బి, చెత్త వేరుచేస్తున్న ఆవిడ చేతిలోనే మూత ఎగిరింది. అదృష్టవశాత్తూ కంట్లో పడలేదు, మోచేతి మీద పడింది. ఆవిడ వెంటనే నీళ్లతో కడుక్కుంది కానీ రెండు రోజుల తర్వాత అక్కడ దద్దుర్లు, దురద మొదలయ్యాయి. పీపీడీ అలర్జీ అలాగే ఆలస్యంగా, ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడుతుంది. ఒకసారి అలర్జీ వచ్చాక ఆ మనిషికి జీవితాంతం ఆ పదార్థం పడకపోవచ్చు. చికిత్స ఖర్చు సంఘం భరించింది. ఆవిడ ఇప్పుడు మోచేతి దాకా వచ్చే మందపాటి గ్లవ్స్ వేసుకునే చెత్త వేరుచేస్తోంది. ఆ ఏర్పాటు ముందే చేయాల్సింది, చేయలేదు. అది కమిటీ లోపమే.

అందుకే కలిపి మిగిలినదాన్ని గిన్నెలోనే, మూత లేకుండా, గాలి ఆడే చోట, పిల్లలకు అందకుండా రాత్రంతా వదిలేయండి. లోహపు గిన్నె వద్దు, కొన్ని లోహాలు తగిలితే పెరాక్సైడ్ ఒక్కసారిగా పొంగుతుంది. పొద్దుటికి ముద్ద బాగా నల్లబడి, నురగ ఆగిపోయి ఉంటుంది. ఇంకా బుడగలు వస్తుంటే మరికొన్ని గంటలు ఆగాలి. తర్వాత పేపరులోకి తీసి చుట్టి చెత్తలో వేయవచ్చు. అప్పటికి చాలా భాగం పీపీడీ రంగుగా మారిపోయి ఉంటుంది కాబట్టి చేతికి తగిలినా ప్రమాదం తగ్గుతుంది. తగ్గుతుందే గానీ పోదు.

గ్లవ్స్ తీసేటప్పుడు మణికట్టు దగ్గర పట్టుకుని లోపలి వైపు పైకి వచ్చేలా ఒకటి లాగి, రెండోదాన్ని దాని మీదుగా అలాగే తిప్పితే రంగు అంతా లోపల చిక్కుకుంటుంది. ఆ మూటను పేపరులో చుట్టి, పైన 'తల రంగు' అని పెన్నుతో రాసి విడిగా ఇవ్వండి. గ్లవ్స్‌ను కడిగి మళ్లీ వాడొద్దు. పలచని గ్లవ్స్‌కు కంటికి కనబడని చిల్లులు పడతాయి, కడిగిన నీళ్లు ఎలాగూ కాలువలోకే.

డెవలపర్ సీసా, క్రీము ట్యూబు పూర్తిగా ఖాళీ అయితే లోపల టిష్యూతో తుడిచి లేదా కొద్ది నీళ్లతో బాత్రూంలో కడిగి, మూత తీసి పొడి చెత్తలో వేయండి. క్రీము గట్టిగా మిగిలిపోయిన ట్యూబుల్ని పొడి చెత్తలో కలపకండి. వాటికోసం చెత్త గదిలో మూత ఉన్న ఎర్ర డబ్బా పెట్టాం, పాత బ్యాటరీల డబ్బా పక్కనే. ప్రమాదకర చెత్త తీసుకునేవాళ్లకు అది అలాగే అప్పగిస్తున్నాం. పాత డెవలపర్‌ను మాత్రం మంచినీళ్ల సీసాలోకి ఎట్టి పరిస్థితిలోనూ పోయకండి, చూడ్డానికి పాలలా ఉంటుంది.

ఒక ప్రత్యేక హెచ్చరిక. మరక పోవాలని రంగు పడిన చోట బ్లీచింగ్ ద్రావణం పోయొద్దు. క్రీములోని అమోనియాతో అది కలిస్తే ఊపిరితిత్తుల్ని మండించే క్లోరమిన్ ఆవిర్లు పుడతాయి, తలుపు మూసిన చిన్న బాత్రూంలో అది చాలా ప్రమాదం. ముందు మామూలు నీళ్లతో పుష్కలంగా కడిగి, తర్వాత సబ్బుతో రుద్దండి. టైల్ మీద తడి ఆరకముందు తుడిస్తే చాలా మరకలు అక్కడికక్కడే పోతాయి. కడగడానికి ముందు నేల మీద పాత పేపర్ పరచుకుంటే బాల్కనీకి వెళ్లాల్సిన అవసరమే ఉండదు.

పని పూర్తయిందని చెప్పలేం. మొదటి బ్లాకు బాల్కనీ పైపుల్ని మురుగు లైనుకు కలిపాం. అందులో వాన నీరు కూడా ప్లాంటులోకి వస్తుందన్న ఇబ్బంది ఉంది కాబట్టి, బాల్కనీ నేల నీళ్లకు వేరు, పై కప్పు వాన నీటికి వేరు పైపులు వేశాం. రెండో బ్లాకులో గోడ లోపలి పైపు కావడంతో ఇంకా మిగిలి ఉంది, వచ్చే వేసవిలో మొదలుపెడతాం. అప్పటి దాకా రెండో బ్లాకు వాళ్లు గిన్నెలు, బ్రష్‌లు బాత్రూంలోనే కడగాలని మనవి. గుంత నీళ్లను నెలకోసారి గ్లాసులో పట్టి అక్షరాలు రాసిన తెల్ల కాగితం మీద పెట్టి చూస్తున్నాం. గత మూడు నెలలుగా అడుగున ఉన్న అక్షరాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

ఇట్లు,
కార్యదర్శి, సంఘం కార్యవర్గం తరఫున