ఈ సెమిస్టర్ నుంచి కేసు గైడ్లు ఇలా ఇస్తాం

"పీపీటీలో అన్నీ ఉన్నాయి కదండీ. స్లైడుకు రెండు చర్చా ప్రశ్నల చొప్పున రాసి కేసు గైడుగా ప్రింటు ఇవ్వడానికి నాలుగు రోజులెందుకు?"

మేడం, మీతోపాటు తిరుపతిలో మా దగ్గర క్లాసు మెటీరియల్ చేయించుకునే ఎంబీఏ లెక్చరర్లందరికీ కలిపి చెబుతున్నాను. పీపీటీ తయారుచేసినవాళ్లకు కథ ముగింపు ముందే తెలుసు. ఆ ముగింపు సరైనదని ఒప్పించేలా స్లైడులు పేర్చుకుంటారు. క్లాసులో చర్చ నడవాలంటే మాత్రం, ముందు ఏం జరగబోతోందో తెలియని మనిషి స్థానంలో స్టూడెంటు కూర్చోవాలి. అందుకే మేం మొదట ప్రశ్నలు రాయం. పీపీటీని ఏ స్లైడు దగ్గర ఆపాలో వెతుకుతాం.

ఈమధ్య చేసిన గైడునే తీసుకోండి. చిత్తూరు పక్కన తోతాపురి గుజ్జు తీసే ఫ్యాక్టరీ కథ అది. అంకెలన్నీ క్లాసు కోసం అనుకున్నవే. మొత్తం 22 స్లైడులు. 14వ స్లైడు హెడ్డింగు "నిల్వ పెట్టాలన్న సరైన నిర్ణయం". అది చదివాక అమ్మేద్దామని ఏ స్టూడెంటు వాదిస్తాడు? కాబట్టి స్టూడెంటు కాపీ 13వ స్లైడుతో ఆగిపోయింది. అక్కడ ఆగస్టు నెల. గుజ్జు డ్రమ్ములన్నీ గోడౌనులో ఉన్నాయి. ఒక కొనుగోలుదారు ఇప్పుడే కిలోకు 45 రూపాయలు ఇస్తానంటున్నాడు. ఫిబ్రవరి దాకా ఆగితే 55 పలకొచ్చని బ్రోకరు చెబుతున్నాడు.

కిలో గుజ్జుకు రెండు కిలోల కాయ, కాయ కొనే ర్యాంపు దగ్గర కిలో 12 రూపాయల లెక్కన 24. తీత ఖర్చు, డ్రమ్ము, సంచి కలిపి 18. వెరసి 42. 55 లోంచి 42 తీసేసి, ఆగడం వల్ల 13 రూపాయల లాభమని పీపీటీ చూపించింది. క్లాసులో సగం మంది కూడా అదే లెక్క వేస్తారు. కానీ ఆ 42 ఎప్పుడో ఖర్చయిపోయింది, అమ్మినా ఆగినా మారదు. పోల్చాల్సింది ఇవాళ చేతికొచ్చే 45తో. ఆ డబ్బు వస్తే బ్యాంకు ఓడీ ఆ మేరకు తగ్గుతుంది. ఏడాదికి 12 శాతం వడ్డీ అనుకుంటే ఆరు నెలలకు 2.70, గోడౌను అద్దె 1.30. అంటే ఫిబ్రవరిలో 49 కన్నా తక్కువ పలికితే ఆగినవాడు నష్టపోయినట్టే. 55 పలికినా ఆగినందుకు మిగిలేది 6 రూపాయలు, 13 కాదు.

ఇదంతా స్టూడెంటు చేతే చేయించాలి. "నిల్వ వల్ల లాభాలేమిటి?" అని అడిగితే స్లైడులోని పాయింట్లు తిరిగి అప్పజెబుతారు. మేం రాసింది ఇది: "ఫిబ్రవరిలో కిలో ఎంతకు అమ్మితే ఇవాళ 45కు ఇచ్చినదానితో సమానం?" దీనికి లెక్క వేయక తప్పదు. దాని వెనకే, "బ్యాంకు మేనేజరు మీరైతే ఓడీ గడువు పొడిగిస్తారా?" మొదటి ప్రశ్నకు జవాబు ఒకటే, రెండోదానికి ఇద్దరు రెండు రకాలుగా చెప్పొచ్చు. చర్చ అక్కడే రాజుకుంటుంది.

నాలుగు రోజులు ఎక్కడ పోతాయంటే, ఇలాంటి అంకెల దగ్గర. వడ్డీ రేటు, గోడౌను అద్దె ఆ స్లైడుల్లో ఎక్కడా లేవు. ప్రజెంటేషన్ ఇచ్చినాయన నోటితో చెప్పి ఉంటారు, రాయలేదు. అవి లేకుండా ప్రశ్న ఇస్తే స్టూడెంట్లు తలా ఒక అంకె ఊహించుకుంటారు, గంటంతా ఆ తగాదాకే సరిపోతుంది. ప్రతి ప్రశ్ననూ ముందు మేమే విప్పి, కావాల్సిన అంకె స్టూడెంటు కాపీలో ఉందో లేదో చూసుకుంటాం.

లెక్చరరు కాపీ వేరుగా ఉంటుంది. 42 దగ్గరే చిక్కుకున్న స్టూడెంటుకు వేయాల్సిన ఎదురు ప్రశ్న అందులో రాస్తాం: "ఇవాళ అమ్మేస్తే ఆ 42 ఖర్చులో ఎంత తగ్గుతుంది, ఆగితే ఎంత?" 60 నిమిషాల పీరియడ్లో లెక్కకు 20, నిర్ణయం మీద వాదనకు 25 ఇచ్చి, మొదట్లో ఐదు నిమిషాలు కేసు పరిచయానికి ఉంచుతాం. చివరి పది నిమిషాలకు 14 నుంచి 22 దాకా స్లైడుల సారాంశం విడి కాగితంగా పంచాలి. దాని కింద ఒకే ప్రశ్న: "55 బదులు 46 పలికి ఉంటే ఓనరును తప్పుపడతారా?" ఫలితం బాగుంటే నిర్ణయమూ బాగున్నట్టేనా అన్నది తేలకుండా క్లాసు ముగించకండి.

ఇక మా షరతులు. పీపీటీతోపాటు ప్రజెంటేషన్ నోట్సు గానీ, మాట్లాడిన రికార్డింగు గానీ పంపండి. అవి ఉంటే రెండు రోజుల్లో ఇస్తాం, లేకపోతే నాలుగు రోజులే. గైడు రేటు 900 రూపాయల నుంచి 1,400కు పెరుగుతుంది, రెండు కాపీల సెట్టింగూ అందులోనే. డబ్బు కట్టి కొన్న కేసులకు టీచింగ్ నోటు చాలావరకు ఆ ప్రచురణకర్తల దగ్గరే దొరుకుతుంది, ముందు అది అడగండి. వాళ్ల అనుమతి లేని కేసులను మేం ప్రింటు చేయం. సోమవారం క్లాసు ఉన్నవాళ్లు మంగళవారంలోపు పంపితే, శనివారం సాయంత్రం కాపీలు తీసుకెళ్లొచ్చు.