వీడియో పాఠం ఎన్ని నిమిషాలు ఉంటే పిల్లలు చూస్తారు?

ప్రియమైన తల్లిదండ్రులకు,

నమస్కారం. ఇంట్లో చూడమని మేం పంపే వీడియో పాఠాల నిడివి వచ్చే నెల నుంచి మారుతోంది. భిన్నాల పాఠాలు చిన్నవవుతాయి, రేఖాగణిత నిర్మాణాల పాఠాలు మాత్రం ఇప్పుడున్నంతే ఉంటాయి. ఒకే సబ్జెక్టులో ఈ తేడా ఎందుకని మీలో కొందరు అడిగారు. కారణం వివరంగా చెప్తాను.

మన పాఠాలున్న యూట్యూబ్ ఛానల్‌లో ప్రతి వీడియోకి రెండు అంకెలు దొరుకుతాయి. ఒకటి వీడియో నిడివి, రెండోది సగటున అందులో ఎంత శాతం చూశారన్నది. మా లెక్కల టీచరు భిన్నాల కూడిక మీద ఉన్న వీడియోలు తీసుకుని గ్రాఫ్ కాగితం మీద అడ్డంగా నిమిషాలు, నిలువుగా శాతం వేసి, వీడియోకి ఒక చుక్క పెట్టారు. 3 నిమిషాల వీడియోని సగటున 82 శాతం చూశారు. 5 నిమిషాలది 74, 7 నిమిషాలది 66, 10 నిమిషాలది 45, 14 నిమిషాలది 32 శాతం.

ఇది చూడగానే 3 నిమిషాలదే మేలనిపిస్తుంది. కానీ నిడివి పెరిగితే శాతం తగ్గడం దాదాపు ఏ పాఠానికైనా జరిగేదే. శాతం ఒక్కటే చూసుకుంటే అర నిమిషం వీడియోనే గెలుస్తుంది, అందులో పాఠం ఏమీ ఉండదు. అందుకే రెండు అంకెల్నీ గుణించి, పిల్లలు నిజంగా చూసిన నిమిషాలు తీశాం. 3 నిమిషాల దాంట్లో సుమారు రెండున్నర నిమిషాలు, 5 నిమిషాల దాంట్లో 3.7, 7 నిమిషాల దాంట్లో 4.6. ఆ తర్వాత చూడండి: 10 నిమిషాల దాంట్లో 4.5, 14 నిమిషాల దాంట్లో కూడా 4.5. అంటే 7 నిమిషాలు దాటాక మేం ఎంత చెప్పినా పిల్లలు అదనంగా చూసిందేమీ లేదు. గ్రాఫ్‌లో వాలు ఒక్కసారిగా ఎక్కువయ్యే చోటు కూడా అక్కడే, 66 నుంచి 45కి పడిన చోట. భిన్నాల కూడికకు 7 నిమిషాలే హద్దని అలా తేల్చాం.

వృత్తలేఖినితో కోణాలు, త్రిభుజాలు గీసే పాఠాల గ్రాఫ్ వేరేలా వచ్చింది. అక్కడ 12 నిమిషాల వీడియోని కూడా 70 శాతం చూశారు, అంటే ఎనిమిది నిమిషాల పైనే. పిల్లలు వీడియో ఆపి, నోట్‌బుక్‌లో గీసి, వెనక్కి జరిపి మళ్లీ చూస్తున్నారు. మళ్లీ చూసిన నిమిషాలు కూడా సగటులో కలుస్తాయి. అందుకే అన్ని పాఠాల చుక్కల్నీ ఒకే కాగితం మీద కలిపేయకూడదు. కలిపితే ఏ పాఠానికీ సరిపోని ఒక మధ్యస్థ నిడివి వస్తుంది.

ఒక చుక్క మమ్మల్ని బాగా ఆలోచింపజేసింది. భిన్నాల్లోనే 6 నిమిషాల వీడియో ఒకటి, మిగతా చుక్కల వరసకి చాలా కింద, 38 శాతం దగ్గర ఉంది. నిడివే కారణమైతే అది 70 శాతం దరిదాపుల్లో ఉండాలి. ఏ క్షణంలో ఎంతమంది చూస్తున్నారో చూపించే గీత తెరిచి చూస్తే, మొదటి నిమిషంలోనే సగానికి పైగా వెళ్లిపోయారు. ఆ నిమిషమంతా పాత పాఠం గుర్తుచేయడంతో గడిచిపోయింది. ఆగినవాళ్లు మాత్రం దాదాపు చివరిదాకా చూశారు. కాబట్టి అసలు పాఠాన్ని కుదించడం లేదు. పాతది గుర్తుచేసే ఆ మొదలు మాత్రం తీసేసి, నేరుగా లెక్కతో ప్రారంభిస్తున్నాం. సగటు 38 అంటే అందరూ కొంచెం కొంచెం చూశారని కాదు, కొందరు అంతా చూసి, కొందరు అసలు చూడకపోయినా అదే అంకె వస్తుంది.

తక్కువమంది చూసిన వీడియోలను గ్రాఫ్‌లో వేయలేదు. పదిమంది చూసిన దాంట్లో ఇద్దరు మధ్యలో ఫోన్ పక్కన పెట్టినా శాతం తారుమారవుతుంది. పరీక్షల వారం అంకెల్నీ పక్కన పెట్టాం. ఆ రోజుల్లో పిల్లలు తమకు రాని ఒక్క లెక్క దగ్గరికి వెళ్లి, అది చూసి ఆపేస్తారు. శాతం తక్కువగా కనిపించినా వాళ్లకు కావలసింది దొరికినట్టే. ఇంకొక మాట, ఈ గ్రాఫ్ పిల్లలు ఎంత చూశారో చెప్తుంది గానీ ఎంత నేర్చుకున్నారో చెప్పదు. అది తరగతిలో ఇచ్చే అభ్యాసపత్రంతోనే తెలుస్తుంది.

ఇక 14 నిమిషాల వీడియో రెండవుతుంది. మొదటి భాగం హారాల క.సా.గు. కనుక్కోవడంతో ముగుస్తుంది, రెండోది కూడికతో మొదలవుతుంది. 7 నిమిషాల వీడియోలో కూడా సగటున మూడో వంతు చూడకుండా మిగిలిపోతోంది కనుక, పూర్తిగా చేసి చూపే లెక్కను ముందుకు తెచ్చి, అదనపు లెక్కల్ని చివరికి జరిపాం.

మీ నుంచి ఒక సాయం కావాలి. పిల్లలు చూడనప్పుడు వీడియోని అలా నడవనివ్వకండి. అదీ చూసినట్టే లెక్కలోకి వచ్చి చుక్కని పైకి లాగుతుంది. అలాగే మీ అబ్బాయో అమ్మాయో మధ్యలో ఆపి లెక్క చేసుకుంటుంటే పూర్తిగా చూడలేదని టెన్షన్ పడకండి. ఎక్కడ ఆపుతున్నారో, ఎందుకు ఆపుతున్నారో డైరీలో ఒక్క వాక్యం రాసి పంపితే చాలు. గ్రాఫ్‌లో కనిపించని కారణం మాకు అక్కడే తెలుస్తుంది.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు