డబ్బా మీద క్యూఆర్ కోడ్ మార్చినాం, ఎందుకంటే

"అన్నా, ఇన్‌స్టా ఉండాది, వాట్సాప్ ఉండాది, మళ్ల వెబ్‌సైట్ ఎందుకు, డబ్బులెక్కువైనాయా?" అని మా ఓళిగల అంగడికి వచ్చేవాళ్లు అడుగుతున్నారు.

ఉగాదికి మూడు రోజుల ముందు మా వాట్సాప్ నంబర్ బ్యాన్ అయింది. తప్పు మాదే. బ్రాడ్‌కాస్ట్ లిస్టుకు 256 మందే పడతారు, అది కూడా మన నంబర్ సేవ్ చేసుకున్నోళ్లకే పోతాది, అందుకని మా అల్లుడు ఏదో బయటి యాప్ ఎక్కించి ఒకేసారి ఎనిమిది వందల మందికి ఓళిగల రేట్లు కొట్టేసినాడు. సాయంత్రానికి అకౌంట్ పోయింది, క్యాటలాగ్ పోయింది, చాట్లలో ఉన్న ఆర్డర్లు పోయినాయి. రివ్యూ అడిగినాం, నంబర్ తిరిగొచ్చేసరికి పండగ అయిపోయింది.

ఆర్డర్లు పోయినందుకు కాదు బాధ. అనంతపురంలో ఇరవై రెండేళ్లుగా పెనం ఆర్పకుండా నడుపుతున్న అంగడిని "మూసేసినారంట" అన్నారు చూడండి, అది బాధ.

ఆ రోజు అర్థమైంది, అసలు తంటా డబ్బా మీద ఉండాదని. రెండు వేల డబ్బాలు అచ్చేయించినాం, వాటి మీద క్యూఆర్ స్కాన్ చేస్తే నేరుగా వాట్సాప్‌కే పోతాది, అంటే `wa.me/91` తర్వాత మా నంబర్. నంబర్ చచ్చిపోతే డబ్బా మీది కోడ్ కూడా చచ్చినట్టే, అచ్చయిందాన్ని మార్చలేం కదా.

వెబ్‌సైట్ కోసం రెండు నెలలు కొట్టుకులాడినా. ఒకాయన కార్టు, పేమెంటు అన్నీ కలిపి ముప్పై ఐదు వేలన్నాడు. పప్పు ఓళిగ రెండు మూడు రోజులకు మించి ఉండదు, నాకు కార్టెందుకప్పా? చివరికి ఒక్క పేజీ చాలనుకున్నా: ఈ వారం రేట్లు, అంగడి టైమింగులు, పండగ ఆర్డర్లకు ఆఖరి తేదీ, మ్యాపు, ఫోన్ నంబరు, కింద వాట్సాప్ బటన్. కొత్త క్యూఆర్ ఈ పేజీకి పోతాది. రేపు నంబర్ మళ్ల పోయినా పేజీలో బటన్ వెనక లింకు మార్చుకుంటే సరి, మీ ఇంట్లో ఉన్న డబ్బా మాత్రం అట్లే పనిచేస్తాది.

ఒక్కదాంట్లో మొండిపట్టు పట్టినా. డొమైన్ నా పేరుతో, నా మెయిల్‌తో, నా కార్డుతోనే కొన్నా. నాలుగేళ్ల కిందట ఒకబ్బాయి తన పేరుతో తీసుకోని, ఏడాది తిరిగినాక రెన్యువల్ కట్టకుండా ఫోన్ ఎత్తడం మానేసినాడు, మా అంగడి పేరు కొడితే వేరే ఎవరిదో పేజీ వచ్చేది. ఆ మంట ఇంకా ఆరలేదు. ఈసారి రెన్యువల్ తేదీ కౌంటర్ వెనక క్యాలెండర్లో ఎర్రపెన్నుతో రాసి పెట్టినా.

సైటు పెట్టినంత మాత్రాన కొత్తోళ్లు వచ్చేయరు, వాళ్లు రీల్స్ చూసే వస్తారు, అది నాకూ తెలుసు. ఆర్డర్లు కూడా ఎప్పట్లాగే వాట్సాప్‌లోనే పెట్టండి, కాకపోతే ఇప్పుడు ప్రతి ఆర్డరూ మా ఆడోళ్లు నోట్‌బుక్‌లో కూడా రాస్తున్నారు.

పాత డబ్బాలు ఇంకో ఆరు వందలు మిగిలినాయి. కొత్త కోడ్ స్టిక్కర్ అంటించే ఇస్తున్నాం, వంకరగా ఉంటే ఏమనుకోకండి, అంటించేది ఆ అల్లుడే.