ఎన్ని డిగ్రీలో చెప్తే చాలదు, గాలి ఎంతో కూడా చెప్పాలి

సంపాదకుడు గారికి,

డిసెంబరు రాగానే మన హైదరాబాద్ కుర్రకారు ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం దారి పడుతున్నారు. నిరుడు మా అమ్మాయితో నేనూ వెళ్లాను. నిర్వాహకులు పంపిన కాగితంలో ‘రాత్రిపూట మైనస్ 10 డిగ్రీల వరకు’ అని ఒక్క ముక్క ఉంది. గాలి ఊసే లేదు.

మన ఒంటి వేడికి చర్మం చుట్టూ పలుచటి వెచ్చని గాలి పొర ఏర్పడుతుంది. ఈదురుగాలి దాన్ని ఎప్పటికప్పుడు ఊడ్చుకుపోతుంది. అప్పుడు చర్మం ఎంత వేగంగా చల్లబడుతుందో చెప్పేదే విండ్ చిల్. లెక్క వేసి చూడండి. నడక మొదలయ్యే సాంక్రీ ఊరు దాదాపు 1,950 మీటర్ల ఎత్తు, శిఖరం 3,800. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. తెల్లవారుజామున ఊళ్లో సున్నా ఉంటే పైన మైనస్ 12 అన్నమాట. అక్కడ గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తే ముఖానికి మైనస్ 23 చలి తగిలినట్టే. గాలి అంతే ఉండి ఉష్ణోగ్రత ఇంకో నాలుగు డిగ్రీలు పడిపోతే ముఖానికి తగిలే చలి మైనస్ 29. కెనడా వాతావరణ శాఖ లెక్క ప్రకారం విండ్ చిల్ మైనస్ 28కి చేరితే, కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టవచ్చు. తడి చర్మానికి అంత వ్యవధి కూడా ఉండదు.

మా అమ్మాయి ఫొటోల కోసం గ్లవ్స్ తీసింది. కాసేపటికే వేలికొసలు మైనంలా పాలిపోయాయి, గిల్లినా తెలియలేదు. నేను రుద్దబోతే గైడ్ చెయ్యి పట్టుకుని ఆపాడు. చలికి బిగుసుకున్న చర్మాన్ని రుద్దితే లోపల ఇంకా దెబ్బతింటుందట. అమ్మాయినే తన వేళ్లు తన చంకల్లో పెట్టుకోమన్నాడు. మంట పుట్టి, మెల్లగా రంగు తిరిగొచ్చింది. వేళ్లు కర్రలా గట్టిపడేదాకా వచ్చి ఉంటే ఆ చిట్కా పనిచేసేది కాదు.

సున్నాకు పైన చర్మం గడ్డకట్టే మంచుకాటు రాదు, నిజమే. కానీ హైపోథర్మియా వస్తుంది. చెమటకు తడిసిన నూలు బనియనుతో గాలిలో నిలబడితే 5 డిగ్రీలైనా చాలు, ఒంటి లోపలి వేడి 35 కిందికి జారవచ్చు. మొదట వణుకు. తర్వాత జిప్పు పెట్టుకోలేకపోవడం, అడుగు తడబడటం, మాట ముద్దకట్టడం. బట్టలు మార్చకుండానే వణుకు ఆగిపోతే కుదుటపడ్డారని మన పిల్లలు అనుకుంటారు. అసలు ప్రమాదం అక్కడే. లోపలి వేడి 32 కిందికి పడిపోతే వణికే శక్తి కూడా ఉండదు.

నగరంలోని ట్రెక్ నిర్వాహకులు శిఖరం ఎత్తుకు వేసిన గాలి అంచనాను, విండ్ చిల్‌ను ముందురోజు సాయంత్రమే ఒక్కొక్కరికీ చెప్పాలి. ఎంత దాటితే వెనక్కి తిప్పుతారో డబ్బు కట్టించుకునే ముందే రాసివ్వాలి. మీ పర్యాటక పేజీలో ఇలాంటి యాత్రల గురించి వేసినప్పుడు, డిగ్రీల పక్కనే గాలి వేగం కూడా అచ్చు వేయమని మనవి.

ఒక తండ్రి,
మలక్‌పేట, హైదరాబాద్