నెలకో పుట్టి వడ్డీకే

సంపాదకుడికి,

అయ్యా,

కోతలు మొదలయ్యాయంటే మా పెన్నా డెల్టా ఊళ్లలో ఒకటే మాట. ఇప్పుడు కళ్లంలో ధాన్యం కొని పెట్టుకుంటే ఆరు నెలల్లో 850 కిలోల పుట్టికి రెండు మూడు వేలు మిగులుతాయంటారు. పొలం ఉన్నవాళ్లే కాదు, నెల జీతం మీద బతికే నాలాంటి కుర్రాళ్లని కూడా అప్పు తెచ్చి ఈ బేరంలోకి దిగమని ఇళ్లలో పోరుతున్నారు. నేను నెల్లూరులో ఒక రైస్ మిల్లులో గుమస్తాని. మా నాయన కూడా అదే అడిగితే ఆయనకి ఈ కింది ఉత్తరం రాశాను. ఇంటి సంగతులు తీసేసి, ఆయన సరేనన్నాకే మీకు పంపుతున్నాను. ఇందులోని లెక్క ఇంకో నలుగురికి పనికొస్తుందని నా ఆశ.

నాయనా,

వద్దన్నందుకు నీకు కోపం వచ్చిందని తెలుసు. లెక్క ఫోన్లో చెబితే తెగదు, అందుకే కాగితం మీద పెడుతున్నాను. నీ మాట ప్రకారమే పోదాం. మార్చిలో కళ్లంలో పుట్టి 18,500 చొప్పున 50 పుట్లు కొంటాం. అంటే 9,25,000 రూపాయలు. నూటికి రెండు రూపాయల వడ్డీ. సెప్టెంబరులో అమ్ముతాం.

ముందు వడ్డీ చూడు. నెలకి నూటికి రెండంటే 50 పుట్లకి నెలకో పుట్టి. మనం నిద్రపోతున్నా నెల తిరిగేసరికి 18,500 పోతుంది. ఆరు నెలలకి ఆరు పుట్లు, 1,11,000 రూపాయలు. గోతాలు, హమాలీ, లారీ, గోడౌను బాడుగ కలిపి పుట్టికి వెయ్యి వేసుకో. అదో 50 వేలు, అది మన చేతి నుంచే పెట్టుకుంటాం అనుకుందాం. అంతా కలిపి 10,86,000 అయింది.

ఇక ఎవరూ మాట్లాడనిది తూకం. మిల్లులో రోజూ నేను చూసేది అదే. కళ్లంలో ధాన్యం తేమ 17 శాతం ఉంటే మంచి సరుకనే అంటారు, సర్కారు కొనేటప్పుడు కూడా హద్దు అదే. కానీ ఆరు నెలలు నిల్వ ఉండాలంటే 13 దగ్గరికి దిగాలి. నూరు కిలోల్లో 17 కిలోలు నీళ్లు, మిగతాది 83. ఆరాక ఆ 83 కిలోలే నూటికి 87 వంతులు కావాలి కాబట్టి మొత్తం బరువు 95 కిలోల చిల్లరకి పడిపోతుంది. నువ్వు కొన్నది 42,500 కిలోలు, అమ్మేది 40,500 కిలోలు. ఎవరూ దొంగిలించకుండానే రెండు పుట్లకి పైగా గాల్లో కలిసిపోతాయి. ఎలుకలూ పురుగూ తినేది నేను లెక్కలో వేయలేదు.

ఆరబెట్టకుండా అలాగే పెడదామంటావేమో. తేమ ఉన్న బస్తాలు వరస మీద వరస పేరిస్తే లోపల వేడెక్కుతాయి. మధ్య వరసలో బస్తా మూతి విప్పి మోచేతి దాకా చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది, ముక్కవాసన వస్తుంది. దంచి చూస్తే గింజ తెల్లగా కాకుండా పసుపు తిరిగి ఉంటుంది. అలాంటి సరుకు మా మిల్లుకి వస్తే మేం చెప్పే రేటు నీకు నేనే చెప్పలేను, నాకే సిగ్గేస్తుంది.

చేతిలో మిగిలేది 47.7 పుట్లు. 10,86,000ని దాంతో భాగిస్తే పుట్టి 22,770 దగ్గర అమ్మితేగానీ పెట్టింది రాదు. అది లాభం కాదు, అసలే. 2025-26 సీజనుకి 'ఏ' గ్రేడు మద్దతు ధర క్వింటాలుకి 2,389, అంటే 850 కిలోల పుట్టికి 20,306. మద్దతు ధర మీద ఇంకో రెండున్నర వేలు ఎక్కితే మనం సున్నా దగ్గర నిలబడతాం. ధర 19,500 దగ్గరే ఆగిందనుకో, లక్షా యాభై అయిదు వేల పైచిలుకు పోతుంది. నా జీతంలో అది ఎన్ని నెలలో నువ్వే లెక్కేసుకో.

అమ్మ బంగారం బ్యాంకులో పెడితే వడ్డీ తక్కువ కదా అన్నావు. ఏడాదికి నూటికి పన్నెండు వేసి చూశాను. అప్పుడు కూడా 21,600 దాటాలి. వడ్డీ సగమైతే తూకం తరుగు సగం కాదు కదా.

ధర ఎక్కుతుందా అన్నది మన చేతిలో లేదు. సోమశిల జలాశయంలో నీళ్లుంటే ఎడగారుకి, అంటే వేసవిలో వేసే రెండో పంటకి, వదులుతారు. ఆ పంట కోతకొచ్చేది సరిగ్గా మనం అమ్ముదామనుకునే ఆగస్టు, సెప్టెంబరుల్లోనే. ఢిల్లీ సంగతి సరేసరి. 2023 జూలైలో బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేశారు, 2024 సెప్టెంబరు ఆఖరుకి ఎత్తేశారు. ఈ రెండు కబుర్లూ కళ్లంలో ఉన్నవాడికి ముందుగా తెలియలేదు.

పక్క వీధిలో ఆయన సంపాదించాడు కదా అంటావు. ఆయన సొంత డబ్బుతో కొన్నాడు. ధర పడితే ఇంకో మూడు నెలలు ఆగాడు. పాత ధాన్యానికి గిరాకీ వచ్చాక అమ్మాడు. అప్పుతో కొన్నవాడికి ఆ ఆగడం లేదు. ఆగిన ప్రతి నెలా ఇంకో పుట్టి వదులుకోవాలి, లేదా పడిన ధరకే తెగనమ్మాలి. పెద్ద వ్యాపారులది మరో దారి. రైతు దగ్గర సరుకెత్తుకుని నెలా నెలన్నర తర్వాత డబ్బిస్తారు. అది వడ్డీ లేని అప్పు, ఇచ్చేది మనలాంటి రైతులే. ఈ సంగతి నీకంటే బాగా ఎవరికి తెలుసు?

ప్రోనోటు మాట కూడా ఉంది. మూడేళ్లకి నోటుకి కాలం చెల్లుతుంది గనక, ఆలోపే అప్పిచ్చినాయన తిరగరాయిస్తాడు. వడ్డీ కట్టకుండా మూడేళ్లు పోతే 9,25,000 కాస్తా 15,91,000 అవుతుంది. కొత్త నోటులో అదే అసలు. ఆ నోటు మీద నా సంతకం ఉంటుంది, నా జీతం చూసే కదా ఆయన ఇస్తానన్నాడు.

వ్యాపారమే వద్దనడం లేదు. మన సొంత పంటలో ఐదు పుట్లు బాగా ఎండబెట్టి ఆపుదాం. తేమ మీటరు నేను తెస్తాను. ధర ఎక్కితే మనది, ఎక్కకపోతే ఇంటికి తినడానికి. దాని మీద ఎవరికీ నెలనెలా లెక్క చెప్పక్కర్లేదు. అప్పు పత్రం మీద మాత్రం నేను సంతకం పెట్టను నాయనా.

సంపాదకులకి ఒక మనవి. కోతల రోజుల్లో మీ పేజీల్లో 'పుట్టి ఇంత పలికింది' అని వార్త వస్తుంది. ఏ రకం, తేమ ఎంత, డబ్బు వెంటనే ఇచ్చారా, గడువు మీదా అన్నవి ఉండవు. ఈ పల్లెల్లో అప్పులకి మొదటి ప్రేరణ ఆ ఒక్క అంకే. అదే పుట్టి ధరని రకం, తేమ, చెల్లింపు గడువుతో సహా వేసి, కోతలు అయిపోయాక కూడా సెప్టెంబరు దాకా వారానికోసారి వేస్తే, ఆపిన ధాన్యానికి నిజంగా ఎంతొచ్చిందో ఊళ్లో వాళ్లే చూసుకుంటారు. మార్కెట్ కమిటీలు సరుకు తాకట్టు మీద రైతుకిచ్చే రుణం ఏ యార్డులో నిజంగా అందుతోందో, ఎక్కడ బోర్డుకే పరిమితమైందో కూడా మీ విలేకరులు ఒకసారి కనుక్కుని రాస్తే బాగుంటుంది.

ఇట్లు,
ఒక మిల్లు గుమస్తా,
నెల్లూరు