రేపు పోచంపల్లిలో మన సమావేశం వాయిదా: కొత్త సమయాలు

ఒకే పడుగు మీద చీరలు చెప్పిన ఆరుగురికీ నమస్కారం.

రేపు శనివారం ఉదయం 11 గంటలకు మన పనిశాలలో రంగులు చూసుకుందామని మొన్న బుధవారం ఖరారు చేశాను. ఆ సమావేశాన్ని వాయిదా వేయవలసి వచ్చింది. ఒక్క రోజు ముందు చెబుతున్నందుకు క్షమించండి.

బుధవారం ఉదయం పడుగుకు రెండో రంగు, అంటే ముదురు నీలం, అద్దాము. ఆ సాయంత్రం నుంచే వాన పట్టుకుంది. పైనున్న పట్టు ఆరినట్టే కనిపించినా, సైకిల్ ట్యూబు రబ్బరుతో బిగించిన కట్ల కింద తడి ఇంకా ఉంది. ఈ ఉదయం అనుమానం తీరక పడుగు చివర ఒక కట్టు కోసి చూశాను. తెల్లగా నిలవవలసిన చోట అంచు వెంబడి నీలం సన్నగా పాకింది. అది చీరలోకి రాని భాగం కనుక నష్టం లేదు. కానీ మీరు వస్తున్నారని మిగిలిన కట్లన్నీ ఇప్పుడే విప్పితే ఆరు చీరల్లోనూ అదే మరక వస్తుంది, దాన్ని తీసే దారి లేదు. పైగా తడి పట్టు అసలు రంగుకన్నా ముదురుగా కనిపిస్తుంది కాబట్టి, రేపు మీరు సరేనన్న నీలం చీరలో కనబడే నీలం కాదు. వాన మొదలైన రాత్రే ఈ మాట చెప్పి ఉండవలసింది. మర్నాడు ఎండ వస్తుందని ఆశపడ్డాను.

వచ్చే మంగళవారం ఉదయం 11 నుంచి 12.30 వరకు, లేదా బుధవారం మధ్యాహ్నం 2.30 నుంచి 4 వరకు, లేదా గురువారం ఉదయం 10 నుంచి 11.30 వరకు మీకోసం ఉంచాను. ట్యూబ్‌లైటు కింద ఎరుపు, నీలం రెండూ మోసం చేస్తాయి కనుక సాయంత్రం వేళలు ఇవ్వలేదు. పడుగు ఒక్కటే కాబట్టి అందరూ ఒకేసారి రావాలన్న నియమం లేదు, ఎవరికి వీలైన వేళకు వారు రావచ్చు. అయితే గురువారం మధ్యాహ్నం పడుగును మగ్గానికి ఎక్కిస్తాము, ఆ తరువాత రంగు మార్చడం కుదరదు. రాలేనివారికి వీడియో కాల్‌లో అంచు, డిజైను చూపగలను గాని, రంగుకు మాత్రం ఫోను కెమెరాను నమ్మవద్దని నా మనవి. అడిగితే అదే రంగు అద్దిన చిన్న పట్టు చిలపను సోమవారం కొరియర్‌లో పంపుతాను.

హైదరాబాదు నుంచి రేపటికి కారు మాట్లాడుకున్నవారు రద్దు రుసుము ఎంతో చెప్పండి, మీరు ఇవ్వవలసిన బాకీలో తగ్గిస్తాను. మగ్గం సోమవారానికి బదులు గురువారం మొదలవుతుంది కనుక ప్రతి చీరా చెప్పిన తేదీకన్నా మూడు రోజులు ఆలస్యంగా అందుతుంది. మీలో ఒకరికి పెళ్లి ముహూర్తం దగ్గరలో ఉంది. ఆ చీరను పడుగులో మొదటిదిగా నేయిస్తున్నాము.

మీకు అనుకూలమైన సమయాన్ని రేపు సాయంత్రం 6 గంటలలోగా ఈ సందేశానికే జవాబుగా తెలియజేయగలరు.