పెట్టెలో నాలుగు మాటలు, కింద అరపేజీ ప్రకటన

సంపాదకుల వారికి నమస్కారం.

ఈ ఆదివారం ఆస్తుల పేజీలో తొలిసారి ఇల్లు కొనేవారి కోసం మాటల అర్థాలు చెబుతూ మీరు వేసిన పెట్టె చూశాను. బీహెచ్‌కే అంటే బెడ్‌రూమ్, హాలు, కిచెన్ అట. ఈసీ అంటే ఆస్తి మీద అప్పుల్లేవని చెప్పే కాగితమట. బడిపిల్లలకు కూడా తెలిసిన మొదటిది విడమరిచి చెప్పి, రెండోది తప్పు చెప్పారు. దాని కిందే అరపేజీ ప్రకటన: '2.5 బీహెచ్‌కే, 1,400 ఎస్‌ఎఫ్‌టీ, అడుగు 6,000 మాత్రమే'. ఆ అర బెడ్‌రూమ్ ఏమిటో మీ పెట్టె చెప్పదు. మంచం వేస్తే తలుపు తెరుచుకోని గది అది.

సరిగ్గా అలాంటి ఫ్లాటే మా తమ్ముడి కూతురు చూసొచ్చింది. బిల్డరు ఆఫీసులో పట్టుబట్టి అడిగితే ప్లాను తీశారు. 1,400లో 350 అడుగులు మెట్లు, లిఫ్టు, కారిడార్లు, జనరేటర్ గదిలో మన వాటా. మిగిలిన 1,050లో బయటి గోడల కింద 70, బాల్కనీలకు 50 పోయాయి. కార్పెట్ ఏరియా 930. అంటే 84 లక్షలు ఇచ్చి కాపురం చేసేది 930 అడుగుల్లో. ఆ లెక్కన అడుగు 9,000 దాటింది! బిల్డర్లను అదుపు చేసే 2016 నాటి రెరా చట్టం కార్పెట్ ఏరియాకు స్పష్టమైన నిర్వచనం ఇచ్చింది. లోపలి అడ్డుగోడలు లెక్కలోకి వస్తాయి. బయటి గోడలు, పైపుల డక్టులు, బాల్కనీ రావు. బిల్డరు ఫ్లాటు కార్పెట్ ఏరియాను, బాల్కనీ కొలతను రెరా అధికారులకు విడివిడిగా ఇచ్చి తీరాలి. రెరా నంబరు కొట్టి వెబ్‌సైటులో చూసుకోవచ్చు. ఆ నంబరేమో ప్రకటన అడుగున చీమ తలకాయంత ఉంటుంది. రెరాలో నమోదు కాకముందే ప్రీ లాంచ్ అంటూ వేసే వాటికి అదీ ఉండదు. ఆ ప్రకటనలూ మీ పేపర్లోనే వస్తున్నాయి, అధికారులు ఆ పేపరు చదవరో ఏమో!

ఇక ఈసీ. రిజిస్ట్రేషన్ శాఖలో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి కోపం వచ్చింది. ఈసీ అప్పుల్లేవని హామీ ఇవ్వదు. మీరు అడిగిన సర్వే నంబరు మీద, అడిగిన సంవత్సరాల్లో రిజిస్టరైన దస్తావేజులేమిటో చెబుతుంది, అంతే. కోర్టు కేసు, రిజిస్టర్ కాని అగ్రిమెంటు, వాటా రాలేదని గొడవపడుతున్న అక్కచెల్లెళ్లు, ఇవేవీ అందులో కనబడవు. ఆన్‌లైన్లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి పాత పుస్తకాలు వెతికించాలి. ఏజెంట్లు కొత్త ఫ్లాటు నంబరు మీద తీసిన ఒకే పేజీ ఈసీ చేతిలో పెట్టి 'క్లియర్ సార్' అంటారు. నిన్న పుట్టిన ఫ్లాటుకు పాత చరిత్ర ఎక్కడుంటుంది? స్థలం సర్వే నంబరు మీద ముప్పై ఏళ్లకు తీయించండి. హైదరాబాదులో కట్టడానికి పర్మిషన్ తీసుకునేటప్పుడు బిల్డరు కొన్ని ఫ్లాట్లను మున్సిపాలిటీకి తనఖా పెడతాడు. ప్లాను ప్రకారం కట్టారు, కాపురం ఉండొచ్చు అని చెప్పే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే అవి విడుదలవుతాయి. మన ఫ్లాటు అందులో ఉందేమో చూడాలి. రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల నిషేధిత జాబితాను వేరేగా చూసుకోవాలి.

ఎఫ్‌ఎస్‌ఐ గురించి మీ పెట్టెలో రాసింది ముంబయికి సరిపోతుంది. స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చో చెప్పే అంకె అది. 200 గజాల్లో ఎఫ్‌ఎస్‌ఐ 2 అయితే 3,600 అడుగులు. హైదరాబాదులో 2006 నుంచి ఆ పరిమితి లేదు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన జాగాను బట్టి అంతస్తులు లేస్తాయి. అందుకే ఇక్కడ కొనేవాడు అడగాల్సింది యూడీఎస్, అంటే స్థలంలో తన అవిభాజ్య వాటా ఎన్ని గజాలని. అంతస్తులు పెరిగేకొద్దీ ఆ గజాలు తరుగుతాయి. దాన్ని సేల్ డీడ్ షెడ్యూల్లో రాయిస్తారు. రేపు బిల్డింగు పడగొట్టి మళ్లీ కట్టాల్సి వస్తే మనకు మిగిలేది ఆ వాటానే. మా పిల్ల అడిగితే 35 గజాలన్నారు. క్లబ్ హౌసు గురించి మాత్రం అరగంట చెప్పారట.

పెట్టెలు వేయడం మానకండి. వేసేటప్పుడు రిజిస్ట్రేషన్ ఆఫీసులో కూర్చునే డాక్యుమెంట్ రైటరుకైనా ఒకసారి చూపించండి. మీ ప్రకటనల విభాగం వాళ్లు కూడా రెరా నంబరు, కార్పెట్ ఏరియా లేని ప్రకటనలు తీసుకోకుండా ఉంటే బాగుంటుంది. ఆ డబ్బు వదులుకోవడం కష్టమైతే, కనీసం ఆ రెండు అంకెలనైనా ధర ఉన్న సైజులో వేయించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ గుమాస్తా,
మల్కాజిగిరి